ఒక్కరి చేతికి మించిన పని: ఫ్రీలాన్సర్ల సబ్‌కాంట్రాక్టులు, ఉమ్మడి బిడ్లు

ఒంటరిగా చేయలేని పెద్ద పనిని ఫ్రీలాన్సర్లు కలిసి చేపట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది సబ్‌కాంట్రాక్టు. జట్టులో ఒకరే క్లయింటుతో ఒప్పందం రాసుకుని, అందులోని భాగాలను తోటివారికి అప్పగిస్తారు. క్లయింటుకు తెలిసిన పేరు ఆ ఒక్కటే. డబ్బు ఆ ఖాతాలోకే వస్తుంది, తప్పు జరిగితే నిలదీసేదీ ఆ ఒక్కరినే. రెండోది ఉమ్మడి బిడ్. ఇద్దరో ముగ్గురో తమ పేర్లన్నీ పెట్టి ఒకే ప్రతిపాదన ఇస్తారు. అందరూ సంతకం చేస్తారు, పని దక్కితే అందరూ జవాబుదారులవుతారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: అదే మనుషులు, అదే వాట్సాప్ గ్రూపు, అదే గడువు. ఎవరి తప్పుకు ఎవరు జవాబు చెప్పాలి, ఎవరి డబ్బు ఎవరి చేతుల మీదుగా రావాలి అన్న దగ్గరే తేడా ఉంది. జట్లు విడిపోయేది కూడా చాలావరకు అక్కడే.

ఈ తేడాకు మూలం 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోనే కనిపిస్తుంది. ఫలానా మనిషే స్వయంగా చేయాలన్న ఉద్దేశంతో ఒప్పందం కుదిరితే ఆ మనిషే చేయాలి, అలాంటి ఉద్దేశం లేకపోతే సమర్థుడైన మరొకరి చేత చేయించవచ్చు అని సెక్షన్ 40 చెబుతుంది. సబ్‌కాంట్రాక్టుకు ఆధారం ఇదే. అయితే కార్పొరేట్ ఒప్పందాల్లో తమ రాతపూర్వక అనుమతి లేకుండా పనిని బయటివారికి ఇవ్వరాదన్న షరతు మామూలుగా ఉంటుంది. ఆ షరతు ఉండగా చెప్పకుండా పని పంచితే, పని ఎంత బాగా వచ్చినా ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే. ఉమ్మడి బిడ్‌కు వర్తించేది సెక్షన్ 43. ఇద్దరు ముగ్గురు కలిసి మాట ఇచ్చినప్పుడు, వేరే షరతు రాసుకోకపోతే, వారిలో ఏ ఒక్కరినైనా పట్టుకుని మొత్తం పని చేయమని అడిగే హక్కు క్లయింటుకు ఉంటుంది. అలా చేసిన వ్యక్తి మిగతావారి నుంచి సమాన వాటా రాబట్టుకోవచ్చు. వారిలో ఒకరు ఇవ్వలేకపోతే ఆ లోటును మిగిలినవారు సమానంగా భరించాలి. అంటే ఉమ్మడి బిడ్‌లో సంతకం చేసిన ప్రతి ఒక్కరూ తోటివారి పనికి కూడా పూచీ పడుతున్నట్టే.

ఇంత బరువు ఉంది కాబట్టే చాలా జట్లు సబ్‌కాంట్రాక్టుతో మొదలవుతాయి. అది లోపల ఎలా నడుస్తుందో చూడటానికి తెలుగు అనువాద రంగంలోని ఒక పనిని ఉదాహరణగా తీసుకుందాం.

రెండు లక్షల నలభై వేల మాటలు

ఒక బీమా కంపెనీ తన ఏజెంట్ల శిక్షణ పాఠాలను, పాలసీదారులకు ఇచ్చే పుస్తకాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెప్పించుకోవాలనుకుంది అనుకుందాం. మొత్తం 2,40,000 మాటలు. గడువు 40 పని దినాలు. అనుభవమున్న అనువాదకులు ఇలాంటి పాఠాన్ని నాణ్యత తగ్గకుండా రోజుకు సుమారు 2,000 మాటలు చేయగలరు. అంటే ఒక్కరికి 120 రోజుల పని. ఒంటరి ఫ్రీలాన్సర్ దీన్ని ఒప్పుకోవడం కుదరదు, ఒప్పుకుంటే గడువైనా తప్పుతుంది, నాణ్యతైనా పోతుంది.

చేతికి 40 రోజులున్నాయి కదా అని 120ని 40తో భాగించి ముగ్గురు చాలనుకోవడం కొత్త జట్లు చేసే మొదటి పొరపాటు. 40 రోజులూ అనువాదానికి దొరకవు. మొదటి ఐదు రోజులు పదాల పట్టిక తయారీకి, నమూనా భాగం చేసి క్లయింటుతో ఒప్పించుకోవడానికి పోతాయి. చివరి ఐదు రోజులు పేజీల్లో కూర్చిన తరువాత సరిచూడటానికి కావాలి. మధ్యలో మిగిలేవి 30 రోజులు. కాబట్టి నలుగురు అనువాదకులు కావాలి, ఒక్కొక్కరి వాటా 60,000 మాటలు. నలుగురూ కలిసి రోజుకు 8,000 మాటలు పంపుతారు. ఒక ఎడిటర్ రోజుకు 6,000 మాటలు చూడగలరనుకుంటే ఒకరు చాలరు, ఇద్దరుంటే 12,000 చూడగలరు. ఆ మిగులు సామర్థ్యం వృథా కాదు. వెనక్కి పంపి మళ్లీ చేయించిన భాగాలను రెండోసారి చూడటానికి అదే అక్కరకొస్తుంది. పేజీలు కూర్చడానికి ఒక డీటీపీ ఆపరేటరు, అందరినీ నడిపే లీడ్ ఒకరు. మొత్తం ఎనిమిది మంది.

ఇక డబ్బు. క్లయింటుతో మాటకు 3 రూపాయల ధర కుదిరిందనుకుంటే మొత్తం రూ. 7,20,000. ఆ మూడు రూపాయలను పైసల్లో ఇలా పంచవచ్చు: అనువాదానికి 150, ఎడిటింగ్‌కు 60, పేజీల కూర్పుకు 30, లీడ్ చేసే నిర్వహణకు 36, నిల్వకు 24. రూపాయల్లో అనువాదకులకు 3,60,000, ఎడిటర్లకు 1,44,000, డీటీపీకి 72,000, లీడ్‌కు 86,400, నిల్వ 57,600. ఇక్కడ ధరలు ఉదాహరణకే. చూడాల్సింది పంపకం తీరును. లీడ్ వాటాను, నిల్వను ముందే లెక్కలో పెట్టకుండా క్లయింటు ఇచ్చే ధరను పనిచేసేవారి మధ్యే పంచేసే జట్లు చాలా ఉన్నాయి. అప్పుడు ఫోన్లు, ఫైళ్ల లెక్క, ఇన్వాయిస్‌లు, క్లయింటు ప్రశ్నలు అన్నీ ఒకరి మీద జీతం లేని చాకిరీగా పడతాయి. రెండో ప్రాజెక్టు వచ్చేసరికి ఆ మనిషి జట్టులో ఉండరు.

నిల్వ ఎందుకో ఒక ఇబ్బంది వచ్చినప్పుడు తెలుస్తుంది. అనువాదం మొదలై 15 రోజులయ్యాక నలుగురిలో ఒకరు జబ్బుపడి తప్పుకున్నారనుకుందాం. ఆయన వాటాలో సగం, అంటే 30,000 మాటలు మిగిలిపోయాయి. హడావుడిగా దొరికే కొత్త మనిషి రూపాయిన్నరకు రారు, రెండుంబావు అడుగుతారు. మాటకు 75 పైసలు అదనం, మొత్తం రూ. 22,500. ఇది నిల్వలోంచి పోతే ఎవరి వాటా కదలదు, ఇంకా రూ. 35,100 మిగులుతుంది. నిల్వ లేకపోతే ఆ 22,500 లీడ్ జేబులోంచి పోవాలి, లేదా మిగిలిన ముగ్గురి రేటు తగ్గించమని నడిమధ్యలో అడగాలి. చివరికి మిగిలిన నిల్వను ఎవరికి ఎంత ఇవ్వాలో కూడా పని మొదలయ్యే ముందే రాసుకోవాలి.

నాణ్యతలో తేడా ఎక్కడ వస్తుందో కూడా ఇదే పనిలో చూడవచ్చు. నలుగురు నాలుగు చోట్ల కూర్చుని చేసే అనువాదంలో ఒకే మాట నాలుగు రూపాలు ఎత్తుతుంది. ఒకరు ‘నామినీ’ అని రాస్తే, మరొకరు తెలుగుదనం కోసం ‘వారసుడు’ అని రాస్తారు. బీమా పుస్తకంలో ఇది శైలికి సంబంధించిన చిన్న తేడా కాదు. పాలసీదారు తన తరువాత డబ్బు అందుకోవడానికి రాసిచ్చిన పేరు నామినీ. వారసులు వారసత్వ చట్టం ప్రకారం నిర్ణయమవుతారు. ఇద్దరూ ఒకరే కానక్కర్లేదు. ఆ పుస్తకం చదివి ఒక కుటుంబం పొరబడితే ఫిర్యాదు బీమా కంపెనీకి వెళుతుంది, కంపెనీ లీడ్‌ను అడుగుతుంది, ఆ పేజీ ఎవరు చేశారో కంపెనీకి అనవసరం.

అందుకే మొదటి ఐదు రోజుల్లో పదాల పట్టిక తయారవ్వాలి. రెండు మూడు వందల ముఖ్య పదాలు, ప్రతిదానికీ ఒకే తెలుగు రూపం, దానికి క్లయింటు రాతపూర్వక ఆమోదం. జట్టంతా ఒకే ట్రాన్స్‌లేషన్ మెమరీని పంచుకుంటే, ఒకరు చేసిన వాక్యం మరొకరి ఫైల్లో మళ్లీ వచ్చినప్పుడు పాత అనువాదం తెర మీద కనిపిస్తుంది. సందేహాలకు ఒకే షీటు ఉండాలి. అనువాదకులు అందులో ప్రశ్న రాస్తారు, లీడ్ జవాబు రాస్తారు, అందరూ చూస్తారు. ఫోన్లో అడిగి ఫోన్లో చెప్పిన జవాబు మిగతా ముగ్గురికి చేరదు.

పని గాడి తప్పుతోందని తెలిపే గుర్తులు ముందే కనిపిస్తాయి. సందేహాల షీటులో ఒక అనువాదకుడి పేరు వారమంతా కనిపించకపోతే అనుమానించాలి. సందేహమే రాని బీమా పాఠం ఉండదు, ఆయన పాఠాన్ని సరిగా చదవడం లేదని అర్థం, లేదా ఇంకెవరి చేతనో చేయిస్తున్నారని అర్థం. రోజుకు 2,000 చొప్పున రావాల్సిన ఫైళ్లు మూడు రోజులు ఆగి ఒకేసారి వస్తే అదో గుర్తు. అన్నిటికంటే నమ్మదగినది ఎడిటరు వేగం. గంటకు వెయ్యి మాటలు చూసే ఎడిటరు ఒకరి ఫైళ్ల దగ్గరకు వచ్చేసరికి ఐదు వందలకు పడిపోతున్నారంటే, దిద్దుబాటు కాస్తా తిరగరాతగా మారిందన్నమాట. ఆ స్థితిలో ఫైలును వెనక్కి పంపాలా, ఎడిటరే తిరగరాసి అదనపు డబ్బు తీసుకోవాలా, ఆ డబ్బు ఎవరి వాటాలోంచి పోవాలి అన్నది లీడ్‌కూ అనువాదకుడికీ మధ్య ఉన్న కాగితంలో ఉండాలి. అది లేనప్పుడు నష్టపోయేది ఎడిటరే. ఆయన మొహమాటానికి రాత్రులు కూర్చుని ఇద్దరి పనీ చేసి ఒక పనికే డబ్బు తీసుకుంటారు.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

పైన వేసిన పంపకం కాగితం మీద చక్కగా సరిపోయింది. చేతికి డబ్బు వచ్చే వరస మాత్రం అలా ఉండదు. క్లయింటు 20 శాతం ముందు, 40 శాతం సగం పని అయ్యాక, మిగతా 40 శాతం పని ఆమోదించాక ఇస్తానన్నారనుకుందాం. ముందు వచ్చేది రూ. 1,44,000. వృత్తి సేవల కింద లెక్కించి క్లయింటు 10 శాతం టీడీఎస్ మినహాయిస్తే చేతికి వచ్చేది 1,29,600. సగం పని పూర్తయ్యే నాటికి లీడ్ మిగతా ఏడుగురికి బాకీపడేది, మాటకు 240 పైసల చొప్పున 1,20,000 మాటలకు, రూ. 2,88,000. రెండో విడత ఇన్వాయిస్ పంపిన 45 రోజులకు గానీ డబ్బు రాదనుకుంటే, అప్పటికి పనంతా అయిపోయి ఉంటుంది. మొత్తం బాకీ 5,76,000కు చేరుతుంది, చేతికి వచ్చింది మాత్రం ఆ 1,29,600 మాత్రమే. మధ్యనున్న రూ. 4,46,400 ఎవరో ఒకరు మోయాలి.

లీడ్ దగ్గర అంత సొమ్ము ఉండదు కాబట్టి ‘క్లయింటు ఇచ్చినప్పుడే మీకు ఇస్తాను’ అన్న షరతు చాలా సబ్‌కాంట్రాక్టుల్లో చోటుచేసుకుంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సేవ పొందినవారు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, ఆమోదించిన నాటి నుంచి 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన పడుతుంది. ఉద్యమ్ నమోదు ఉన్న ఒంటరి ఫ్రీలాన్సర్ కూడా ఈ రక్షణ అడగవచ్చు, ఆ నమోదు ఉచితం. ఈ చట్టం లీడ్‌కు క్లయింటు మీద ఆయుధం. అదే సమయంలో, ఉద్యమ్ నమోదున్న ఎడిటరుకు లీడ్ మీద కూడా ఆయుధమే. ఎందుకంటే ఎడిటరు దృష్టిలో సేవ కొన్నది లీడే. క్లయింటు ఆలస్యం చేశాడన్న జవాబు అక్కడ నిలవకపోవచ్చు.

కాబట్టి న్యాయంగా నడిచే ఏర్పాటు ఏమిటంటే, క్లయింటు విడతలనే జట్టు లోపలా పాటించడం. ముందు వచ్చిన 20 శాతాన్ని లీడ్ దాచుకోకుండా అందరికీ వాటాల ప్రకారం పంచాలి. క్లయింటు ఇన్వాయిస్ తేదీ, చెల్లింపు తేదీ అందరికీ కనిపించేలా ఉంచాలి. క్లయింటు 45 రోజులు దాటిస్తే ఏ తేదీకల్లా ఎంత శాతం లీడ్ సొంతంగా ఇవ్వాలో రాసుకోవాలి. క్లయింటు ఇచ్చే ధరను కూడా దాచకపోవడమే మేలు. మూడు రూపాయలు అందుకుని రూపాయిన్నర ఇస్తున్నారని ఏనాటికైనా బయటపడుతుంది. మిగతా రూపాయిన్నర ఎటు పోతోందో ముందే చూపిన లీడ్ మీద అనుమానం రాదు.

టీడీఎస్ విషయం మరికొంచెం చూడాలి. 7,20,000 మీద 10 శాతం చొప్పున పోయిన 72,000 మొత్తం లీడ్ పాన్ నంబరు మీదే జమ అవుతుంది. ఏడుగురికీ పూర్తి వాటా ఇచ్చాక లీడ్ చేతిలో మిగిలేది 72,000. తన వాటా, నిల్వ కలిపి రావాల్సిన 1,44,000లో సగం రిటర్ను వేసి రిఫండ్ వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. కొన్ని కంపెనీలు ఇలాంటి పనిని కాంట్రాక్టు పనిగా లెక్కించి వ్యక్తులకు 1 శాతమే మినహాయిస్తాయి. ఏ పద్దు కింద మినహాయిస్తారో ధర చెప్పకముందే అడిగి తెలుసుకోవాలి.

జీఎస్టీలోనూ ఇదే తంతు. తెలుగు రాష్ట్రాల్లో సేవలు అందించేవారి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. ఇలాంటివి ఏడాదికి మూడు ప్రాజెక్టులు చేసిన లీడ్ బిల్లులు 21,60,000కు చేరతాయి. అందులో నిర్వహణ వాటాగా ఆయనకు దక్కింది 2,59,200 మాత్రమే. అయినా చట్టం చూసేది బిల్లుల మొత్తాన్ని. నమోదయ్యాక 18 శాతం పన్ను కలిపి బిల్లు వేయాలి. నమోదు లేని తోటివారి నుంచి ఆయనకు తగ్గింపు చేసుకోదగిన ఇన్‌పుట్ క్రెడిట్ ఏమీ రాదు. క్రెడిట్ వాడుకోగల కంపెనీకి ఆ 18 శాతం భారం అనిపించదు. వాడుకోలేని పాఠశాలకో ట్రస్టుకో అది నేరుగా ధర పెరగడమే.

ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు వంటి నిర్దేశిత వృత్తులవారు మరొకటి గమనించాలి. వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే, నగదు రాబడి 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉంటే, అందులో సగాన్ని లాభంగా చూపి పద్దు పుస్తకాల బెడద లేకుండా పన్ను కట్టే వెసులుబాటు వారికి ఉంది. ఒంటరిగా పనిచేసినంత కాలం అది లాభసాటి. లీడ్‌గా మారి 20 లక్షలు వసూలు చేసి, 14 లక్షలు తోటివారికి ఇచ్చి, 6 లక్షలు మిగుల్చుకున్న ఆర్కిటెక్టు ఆ పద్ధతిలోనే రిటర్ను వేస్తే 10 లక్షల లాభం మీద పన్ను కట్టాలి. అసలు లాభం చూపాలంటే లెక్కల పుస్తకాలు రాయాలి, ఆడిట్ కూడా అవసరం పడవచ్చు. జట్టుకు నాయకత్వం వహించే ఏడాదికి చార్టర్డ్ అకౌంటెంటు ఫీజును కూడా ధరలో కలుపుకోవాలి.

కాగితం మీద ఉండాల్సినవి

లీడ్‌కూ తోటివారికీ మధ్య ఒప్పందం రెండు పేజీలు దాటనక్కర్లేదు. పని పరిమాణం, రేటు, తేదీలు ఎలాగూ రాస్తారు. మరిచిపోయేవి రెండు.

ఒకటి కాపీరైటు. ఉద్యోగి రాసింది యజమానిది అవుతుంది గానీ, ఫ్రీలాన్సర్ చేసిన అనువాదం మీద హక్కు మామూలుగా ఆ ఫ్రీలాన్సర్‌దే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయాలి. డబ్బు చెల్లించినంత మాత్రాన బదిలీ కాదు. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అన్నట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అన్నట్టు సెక్షన్ 19 లెక్కిస్తుంది. మొత్తం హక్కులు మీవే అని లీడ్ కంపెనీకి సంతకం చేసిచ్చారు, అనువాదకుల నుంచి మాత్రం తాను అలాంటి కాగితం తీసుకోలేదు అనుకోండి. తన దగ్గర లేనిదాన్ని రాసిచ్చినట్టయింది. కంపెనీ ఆ పాఠాలను అమెరికాలోని తెలుగువారి కోసం వాడినా, ఆరో ఏట మళ్లీ అచ్చువేసినా, ఒక అనువాదకుడు అభ్యంతరం చెప్పే వీలుంటుంది. అందుకే హక్కుల బదిలీ, కాలం, ప్రాంతం, డబ్బు పూర్తిగా ముట్టాకే బదిలీ అమల్లోకి వస్తుందన్న మాట, ఈ నాలుగూ రాయాలి. చివరిది తోటివారికి రక్షణ.

రెండోది క్లయింటును ఎగరేసుకుపోతారన్న భయం. దాంతో లీడ్‌లు ఐదేళ్ల దాకా ఈ రంగంలోనే పనిచేయకూడదన్నంత కఠినమైన షరతులు రాస్తుంటారు. ఒప్పందాల చట్టం సెక్షన్ 27 ప్రకారం మనిషి వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం వర్తించే నిబంధనలను కోర్టులు ఒప్పుకున్నాయి గానీ, అది ముగిశాక వృత్తికే అడ్డుపడే షరతులు నిలవడం కష్టం. ప్రాజెక్టు నడిచినన్నాళ్లు ఈ క్లయింటుతో నేరుగా పని మాట్లాడుకోరాదు, రహస్య సమాచారం ఎప్పటికీ బయటపెట్టరాదు అన్నంత వరకు రాసుకుంటే అది నిలుస్తుంది, వినడానికీ సబబుగా ఉంటుంది.

అందరి పేర్లతో టెండరుకు

ప్రభుత్వ టెండర్లలో సబ్‌కాంట్రాక్టు దారి తరచు తలుపు దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ముందు అడిగేది బిడ్ వేసినవారి అనుభవం. నిర్మాణ పనులకు కేంద్ర విజిలెన్స్ కమిషన్ సూచించిన కొలత ఇతర టెండర్లలోనూ కనిపిస్తుంటుంది: అంచనా విలువలో 80 శాతం ఉన్న ఒక పనిగానీ, 50 శాతం చొప్పున రెండుగానీ, 40 శాతం చొప్పున మూడుగానీ అలాంటివే పూర్తిచేసి ఉండాలి. 50 లక్షల టెండరైతే 40 లక్షల పని ఒకటి, లేదా 25 లక్షలవి రెండు, లేదా 20 లక్షలవి మూడు. ఏడు లక్షల పనులు పది చేసిన లీడ్ ఈ మెట్టు ఎక్కలేరు.

ఆ మెట్టు ఎక్కడానికే కన్సార్షియం లేదా జాయింట్ వెంచర్ రూపంలో ఉమ్మడి బిడ్ వేస్తారు. అసలు ఉమ్మడి బిడ్‌ను అనుమతిస్తారా, సభ్యులు ఎందరు ఉండవచ్చు, అనుభవాన్ని కలిపి లెక్కిస్తారా, ప్రధాన సభ్యుడు ఒక్కరే కొంత శాతం చూపాలా అన్నవన్నీ ఆ టెండర్ పత్రంలోనే ఉంటాయి. ఒక టెండరులో చెల్లింది మరోదాంట్లో చెల్లదు. అనుమతి ఉన్నచోట ప్రధాన సభ్యుణ్ని ఎంచుకుని ఆయనకు పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి, ఎవరి వాటా పని ఎంతో చెప్పే ఒప్పందాన్ని బిడ్‌తో జతచేయాలి, అందరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులమని సంతకం చేయాలి. ఉమ్మడి బిడ్‌లో ఉన్నవారు అదే టెండరుకు సొంతంగా మరో బిడ్ వేస్తే సాధారణంగా రెండూ తిరస్కరణకు గురవుతాయి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల ప్రకారం బిడ్ ధరావతు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం ఉంటుంది. 50 లక్షలకు అది లక్ష నుంచి రెండున్నర లక్షలు. సూక్ష్మ, చిన్న సంస్థలకు దీని నుంచి మినహాయింపు ఉంది. ఉమ్మడి బిడ్‌లో అది వర్తించాలంటే సభ్యులందరికీ నమోదు ఉండాలా అన్నది ముందే లిఖితపూర్వకంగా అడగాలి.

కలిసి బిడ్ వేయడం తప్పు కాదు. విడివిడిగా బిడ్లు వేస్తూ, లోపల మాత్రం ఈసారి నువ్వు తక్కువ కోట్ చెయ్యి, వచ్చేసారి నేను చేస్తాను అని కూడబలుక్కోవడం 2002 నాటి పోటీ చట్టం కింద నేరుగా శిక్షకు దారితీసే బిడ్ రిగ్గింగ్. ఒకరి పేరుతో కొటేషన్ పెట్టమని అడిగే ‘సాయం’ ఈ కోవలోకే వస్తుంది. తోటి ఫ్రీలాన్సర్ అడిగినా సరే, ఒప్పుకోకూడదు.

ఉమ్మడిగా పనిచేసేవారు తమకు తెలియకుండానే భాగస్వామ్య సంస్థగా మారిపోయే ప్రమాదం కూడా ఉంది. లాభం పంచుకుంటూ, అందరి తరఫున ఒకరు వ్యవహరిస్తూ వ్యాపారం చేస్తే, 1932 నాటి భాగస్వామ్య చట్టం దృష్టిలో పేరు ఏదైనా అది భాగస్వామ్యమే కావచ్చు. అప్పుడు ఒకరు చేసిన అప్పుకు, సంస్థ పేరున జరిగిన తప్పుకు అందరి సొంత ఆస్తులూ పూచీ అవుతాయి. పైగా నమోదు కాని భాగస్వామ్యం ఒప్పందం ఆధారంగా బయటివారి మీద దావా వేయలేదు. ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి గుంపును ప్రత్యేక పన్నుదారుగా లెక్కగట్టే వీలూ ఉంది. పెద్ద టర్న్‌కీ ప్రాజెక్టుల కన్సార్షియాల విషయంలో ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్ ఒక దారి చూపింది. ప్రతి సభ్యుడూ తన భాగాన్ని తన మనుషులతో, తన ఖర్చుతో, తన లాభనష్టాలతో చేసుకుంటూ, ఉమ్మడి నిర్వహణ సమన్వయానికే పరిమితమైతే, గుంపుగా పన్ను వేయరు. చిన్న జట్లకు ఆ సర్క్యులర్ నేరుగా వర్తించకపోయినా పని, బిల్లు, లాభం ఎవరివి వారికి వేరుగా రాసుకోవడానికి అది మంచి నమూనా. వీలైతే ఎవరి భాగానికి వారే క్లయింటుకు బిల్లు వేసుకోవడం ఇంకా శుభ్రం.

రెండు మూడు పనులు కలిసి చేశాక కూడా జట్టు నిలబడితే ఎల్‌ఎల్‌పీ నమోదు గురించి ఆలోచించవచ్చు. 2008 నాటి చట్టం ప్రకారం ఇద్దరుంటే చాలు. సంస్థకు సొంత ఉనికి ఉంటుంది, భాగస్వాముల బాధ్యత మామూలుగా వారు పెట్టిన పెట్టుబడికి పరిమితం. వ్యాపారం లేని ఏడాదైనా వార్షిక పత్రాలు దాఖలు చేయాలి. టర్నోవరు 40 లక్షలు లేదా పెట్టుబడి 25 లక్షలు దాటితే ఆడిట్ తప్పదు. పరిమితి దాటిన చెల్లింపుల మీద టీడీఎస్ మినహాయించే బాధ్యత కూడా సంస్థకు మొదటి రోజు నుంచే ఉంటుంది. వ్యక్తిగా పనిచేసే లీడ్‌కైతే అది అంతకు ముందు ఏడాది టర్నోవరు వ్యాపారంలో కోటి, వృత్తిలో 50 లక్షలు దాటినప్పుడే వస్తుంది.

ఎల్‌ఎల్‌పీ పెట్టగానే పెద్ద టెండర్లు అందుతాయనుకోవడం సరికాదు. కొత్త సంస్థ అనుభవం సున్నాతో మొదలవుతుంది. భాగస్వాముల పాత పనులను దాని ఖాతాలో లెక్కించాలా వద్దా అన్నది ఒక్కో టెండరు ఒక్కోలా చెబుతుంది. కాబట్టి మూడేళ్ల తరువాత పెద్ద టెండరు వేయాలనుకునే జట్టు ఈ ఏడాది నుంచే చిన్న పనులను కూడా సంస్థ పేరు మీదే చేసి, వర్క్ ఆర్డరు, ఇన్వాయిస్, పని పూర్తయినట్టు క్లయింటు సంతకం చేసిన ధ్రువపత్రం, ఈ మూడింటినీ ప్రతి పనికీ ఫైలు చేసి పెట్టుకోవాలి.